చాప పక్క చాప: కొత్త క్లాసులో మొదటి పలకరింపు

ఆదివారం పొద్దున్న పదింటికి కలంకారీ క్లాసు. మొదటి రోజు కదాని పావుగంట ముందే వెళ్లాను. హాల్లో పది చాపలు పరిచి ఉన్నాయి. ఒక్కో చాప ముందు ఒక చిన్న బల్ల, దాని మీద కరక్కాయ పొడి కలిపిన పాలల్లో ముంచి ఆరబెట్టిన మూరెడు గుడ్డ, ఒక వెదురు కలం, కొబ్బరిచిప్పలో నల్లరంగు. గోడవారన ఒక చాప చూసుకుని కూర్చున్నాను. కాసేపటికి నాకంటే పదేళ్లు చిన్నదనిపించే ఒకావిడ వచ్చి పక్క చాప మీద కూర్చుంది. ఇద్దరికీ బెరుగ్గానే ఉంది. అది పోగొడదామని నేనే మొదలెట్టాను.

"హలో అండీ, మీదే ఊరు?"

"ఇక్కడేనండీ."

"అంటే, సొంతూరు?"

"నల్గొండ పక్కన."

"ఏం చేస్తుంటారు?"

"ప్రస్తుతానికి ఏం లేదండీ."

"ఓహో. మీవారేం చేస్తారు? పిల్లలెంతమంది?"

"లేరండీ."

ఆ "లేరండీ" ఏ ప్రశ్నకి జవాబో నాకు తెలియలేదు. మళ్లీ అడిగే ధైర్యమూ లేకపోయింది. తర్వాత రెండు గంటలూ ఆవిడ గుడ్డ మీంచి తల ఎత్తలేదు. మరుసటి ఆదివారం నేను వెళ్లేసరికి ఆవిడ ఆ చివర కిటికీ పక్క చాప మీద ఉంది.

నేను అన్నదాంట్లో చెడ్డమాట ఒక్కటీ లేదు. రైల్లో ఎదుటి సీటు వాళ్లని, పెళ్లిపందిట్లో పక్క కుర్చీ వాళ్లని మనందరం అడిగే ప్రశ్నలే అవి. మరి ఎక్కడ బెడిసింది?

ప్రశ్నల జాబితా ఎందుకు బరువు

ఊరు, ఉద్యోగం, సంసారం, సంతానం. ఈ నాలుగూ తెలిస్తే మనిషి తెలిసినట్టే అని మన లెక్క. పెళ్లిలో ఆ లెక్క నప్పుతుంది. అక్కడికి వచ్చినవాళ్లంతా ఎవరో ఒకరి తరఫు బంధువులే. వరస కలుపుకోవడానికి ఆ వివరాలు కావాలి. అభిరుచి కోసం వచ్చే క్లాసు సంగతి వేరు. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ రెండు గంటల పాటైనా ఆ నాలుగింటినీ చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రావాలనుకుంటారు. ఉద్యోగం పోయినవాళ్లుంటారు. పిల్లలు లేరన్న మాట ఎన్నోసారి చెప్పాలో అని విసిగినవాళ్లుంటారు. విడాకుల కాగితాలు ఇంకా చేతికి రానివాళ్లుంటారు. మనకి మామూలుగా తోచిన ప్రశ్న సరిగ్గా వాళ్లు దాచుకున్న చోటే తగులుతుంది.

ఇంటిపేరు అడగడం మరీ ముతక. "మీ ఇంటిపేరేంటండీ?" అనగానే అవతలివాళ్లకి రెండో ప్రశ్న కూడా వినిపిస్తుంది. అది కులం గురించిన ప్రశ్న. మన మనసులో అది లేకపోయినా సరే, వాళ్లకి వినిపించడం మాత్రం తప్పదు. అలాంటి ప్రశ్న పడ్డ తర్వాత మాటలు సాగినా వెనక ఒక జాగ్రత్త ఉండిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. వరసగా అడుగుతూ పోతే ఒకరు అడిగేవాళ్లు, ఒకరు చెప్పేవాళ్లు అయిపోతారు. చెప్పే మనిషికి పరీక్ష హాల్లో ఉన్నట్టుంటుంది. అడిగే మనిషికి తర్వాత ప్రశ్న ఏమిటా అన్న ఆదుర్దాలో వచ్చిన జవాబు చెవికెక్కదు. నల్గొండ పక్కన ఏ ఊరని కూడా నేను అడగలేదు. అప్పటికే నా నోట్లో "ఏం చేస్తుంటారు" తయారుగా ఉంది.

తెలుగులో హలో ఎలా ఉంటుంది

నిజానికి మన భాషలో తేలికైన పలకరింపులకి కరువు లేదు. "హలో" మనకి ఎక్కువగా ఫోను మాట. "నమస్కారం" పెద్దలకీ సభలకీ. వీధిలో మనం రోజూ వాడేవి వేరు. "వచ్చారా?" అంటాం, మనిషి ఎదురుగా నిలబడే ఉంటాడు. "బజారుకా?" అంటాం, చేతిలో సంచీ కనబడుతూనే ఉంటుంది. "కాఫీలయ్యాయా?" అంటాం, అయ్యాయో లేదో మనకి నిజంగా అక్కర్లేదు. ఇవి ప్రశ్నల రూపంలో ఉన్నా జవాబు కోసం అడిగేవి కావు. నిన్ను చూశాను అని చెప్పడానికే. అవతలి మనిషి "ఆఁ" అని నవ్వేసి వెళ్లిపోయినా మర్యాదకి లోటు రాదు. మాట కలపాలనుకుంటే కలపొచ్చు.

తేలికైన మొదటి పలకరింపుకి కావలసిన లక్షణం సరిగ్గా ఇదే. జవాబు చెప్పినా చెప్పకపోయినా ఎవరికీ నష్టం లేకుండా ఉండాలి. కళ్లముందున్న దాని గురించి అయి ఉండాలి. "ఈ చాప ఎవరిదైనా ఉందాండీ?", "ఇవాళ రంగు పల్చగా ఉన్నట్టుందే?", "పోయినవారం ఇంత ఎండ లేదు కదా" ఇలాంటివి. వినడానికి పేలవంగా ఉన్నా పనిచేసేది ఆ పేలవత్వమే.

ఇక్కడ ఒక జాగ్రత్త. మెచ్చుకోలు మొదటి మాటగా అంత తేలిక కాదు. "అబ్బ, మీ గీత ఎంత బాగా వచ్చిందో!" అంటే మన మర్యాద ప్రకారం అవతలివాళ్లు "అయ్యో, ఏం బాగండీ" అని కొట్టేయాలి. మనం "లేదు లేదు, నిజంగానే" అనాలి. రెండు విడతలయ్యాక ఇద్దరూ ఇబ్బందిగా నవ్వి ఊరుకుంటారు. మెచ్చుకోవాలనిపిస్తే అందులోంచి ఒక పనిమాట తీయాలి. "ఈ వంపు దగ్గర మీ గీత తెగలేదే, కలం తిప్పారా, గుడ్డ తిప్పారా?" అని అడిగితే మెచ్చుకున్నట్టూ ఉంటుంది, చెప్పడానికి వాళ్లకో మాటా దొరుకుతుంది.

ఏ మాట అన్నది ఒకటైతే, ఎప్పుడన్నది ఇంకొకటి

కలంకారీ కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకి కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో కట్టి ఉంటుంది. రంగులో ముంచితే ఆ ఉన్ని పీల్చుకుంటుంది. వేళ్లతో దాన్ని కొద్దికొద్దిగా నొక్కుతూ ఉంటే రంగు మొనలోకి దిగుతుంది. ఎక్కువ నొక్కితే గుడ్డ మీద బొట్టు పడుతుంది, తక్కువైతే గీత మధ్యలో తెగుతుంది. ఆ గీత గీసేటప్పుడు మనిషి ఊపిరి కూడా బిగపడతాడు. అప్పుడు పక్కనుంచి ఎంత తియ్యని మాట వచ్చినా అది అడ్డే. మాస్టారు చేసి చూపిస్తున్నప్పుడూ అంతే.

కానీ ప్రతి క్లాసులోనూ చేతులు ఖాళీ అయ్యే ఘడియలు కొన్ని ఉంటాయి. మా క్లాసులో అవి నాలుగు: బల్లలు సర్దుకునే మొదటి ఐదు నిమిషాలు, గీత ఆరేదాకా ఆగేటప్పుడు, గుడ్డ తొట్టెలో జాడించేటప్పుడు, చివర చెప్పులు వేసుకునేటప్పుడు. సంగీతం క్లాసులో అయితే తమ వంతు కోసం కూర్చున్నప్పుడు, కుండల క్లాసులో చేతుల మట్టి కడుక్కునేటప్పుడు, ఈత నేర్చుకునేచోట గట్టు పట్టుకుని ఆయాసం తీర్చుకునేటప్పుడు. మీ క్లాసులో అవి ఎక్కడ వస్తాయో మొదటివారం గమనిస్తే చాలు. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడకపోయినా వారం వృథా పోయినట్టు కాదు.

ఈ ఘడియల్లో ఇంకో వెసులుబాటు ఉంది. ఇద్దరూ పక్కపక్కన ఉంటారు, ఇద్దరి చూపూ ఒకే వస్తువు మీద ఉంటుంది. ఎదురెదురుగా కూర్చుంటే చూపు ఎక్కడ పెట్టాలో అన్నదే ఒక పని. తొట్టె దగ్గర ఆ బాధ లేదు. మాట ఆగిపోతే గుడ్డ జాడించుకోవచ్చు. పెళ్లిలో, పార్టీలో మౌనం కొట్టొచ్చినట్టు కనబడుతుంది, పని దగ్గర అది పనిలో కలిసిపోతుంది.

తొట్టె దగ్గర

మూడోవారం నా కలం కారింది. నెమలి మెడ మీద శెనగగింజంత నల్లమచ్చ. గుడ్డ జాడించడానికి తొట్టె దగ్గరికి వెళ్తే అక్కడ ఆవిడే ఉంది. ఈసారి నేను జాబితా తెరవలేదు. చేతిలో ఉన్నదే చూపించాను.

"మీకూ ఇలాగే కారుతోందాండీ, నాకేనా?"

ఆవిడ నా గుడ్డ చూసి, తన గుడ్డ విప్పి చూపించింది. తామరాకు అంచున రెండు మచ్చలు. "నాకు పోయినవారం నుంచీ ఇదే. ముంచగానే గీస్తే కారుతోంది."

ఇక్కడ నేను "ఓహో" అని ఇంకో సంగతి ఎత్తితే మాట అక్కడితో అయిపోయేది. ఆవిడ అన్నదాన్నే పట్టుకున్నాను. "మరి ముంచాక ఏం చేస్తున్నారు?"

"చిప్ప అంచుకి ఒకసారి ఒత్తి, ముందు పాతగుడ్డ మీద ఒక గీత గీసి చూస్తున్నా. అయినా సగంసార్లు కారుతోందనుకోండి."

"పాతగుడ్డ ఉంచుకోవాలన్న ఆలోచనే రాలేదు నాకు. ఇంటినుంచి తెచ్చుకున్నారా?"

"మా నాన్న పంచె ముక్క. ఇంట్లో తెలిస్తే చంపేస్తారు."

ఇద్దరం నవ్వాం. అంతే. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మొదటివారం ఐదు ప్రశ్నలకి రానిది, నేను అడగకుండానే వచ్చింది: వాళ్ల నాన్న, పంచె, ఇంట్లో చిన్న తగువు. ఆవిడ చెప్పాలనుకున్నంతే చెప్పింది.

ఈ తేడాకి ఆధారం ఉంది. హార్వర్డ్ పరిశోధకులు కొందరు 2017లో కొత్తవాళ్ల మధ్య సంభాషణలని విశ్లేషించి ఒక వ్యాసం ప్రచురించారు. ప్రశ్నలు అడిగేవాళ్లు ఎదుటివాళ్లకి ఎక్కువ నచ్చారు. అయితే అన్ని ప్రశ్నలూ ఒకటి కాదు. సంబంధం లేకుండా కొత్త సంగతికి దూకే ప్రశ్నల వల్ల కాదు, ఎదుటి మనిషి ఇప్పుడే అన్నదాంట్లోంచి పుట్టిన ప్రశ్నల వల్లే ఆ ఇష్టం పెరిగింది. కారణం ఊహించడం కష్టం కాదు. అలాంటి ప్రశ్న వినకపోతే పుట్టదు. నేను మొదటివారం అడిగినవి ఎవరినైనా అడగగలిగే ప్రశ్నలు. "మరి ముంచాక ఏం చేస్తున్నారు?" అన్నది మాత్రం ఆవిడనే అడగగలను.

ఒక విషయం మరిచిపోకూడదు. రెండు మూడు ప్రశ్నలకి ఒకసారి మన మాట కూడా ఒకటి పడాలి. మన తప్పు, మన తిప్పలు చెప్పుకుంటే మంచిది. నా మచ్చ ముందు చూపించబట్టే ఆవిడ గుడ్డ విప్పింది.

అండీనా, అక్కా, ఆంటీనా

మాట ఎంత తేలికైనా పిలుపు పొసగకపోతే చెడుతుంది. మా క్లాసులోనే ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒకతి వచ్చి "ఆంటీ, కాస్త జరుగుతారా?" అంది. నాకు నలభై నాలుగు. జరిగాను గానీ, ఆ పూటంతా నా గీత వంకరే వచ్చింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, తనకది గౌరవం. కానీ పక్కపక్క చాపల మీద ఒకే పాఠం నేర్చుకుంటున్నవాళ్లని ఆ మాట పెద్దా చిన్నా అని విడదీసేస్తుంది.

"అండీ" ఏ వయసుకైనా సరిపోతుంది. ఎవరినీ చిన్నబుచ్చదు, ఎవరినీ మీద పడేసుకోదు. తెలంగాణలో కొత్తవాళ్లని కూడా "అక్కా", "అన్నా" అనేయడం సహజం, అందులో ఒక చనువుంది. కోస్తా నుంచి వచ్చినవాళ్లకి అది తొందరగా అనిపించవచ్చు. అవతలివాళ్లు ఏ పిలుపుతో మొదలెట్టారో దానికే దగ్గరగా మన పిలుపు ఉంచుకుంటే పేచీ లేదు. "మీరు" నుంచి "నువ్వు"కి దిగడానికి తొందర అక్కర్లేదు. పెద్దవాళ్లమని మనంతట మనం దిగడం కంటే, చిన్నవాళ్లు "నన్ను మీరు అనకండి" అనేదాకా ఆగడం మేలు.

పేరు మొదట చెప్పకపోయినా పరవాలేదు. మాటయ్యాక, వెళ్లేముందు "అన్నట్టు నా పేరు ఫలానా" అంటే చాలు. ఇంటిపేరు లేకుండా. వాళ్లూ తమది చెప్తారు. ముందే పేర్లు చెప్పుకుంటే కంగారులో మరిచిపోతాం, వచ్చేవారం మళ్లీ అడగడానికి సిగ్గుపడతాం.

ఆగమని చెప్పే గుర్తులు

ఎవరూ నోరు తెరిచి "నాతో మాట్లాడకండి" అనరు. మన దగ్గర అది "ఆఁ అండీ", "అంతేనండీ" అన్న రూపంలో వస్తుంది. ఒకసారి అలా వస్తే దానికి అర్థం ఏదైనా కావచ్చు, పనిలో ఉన్నారేమో. రెండుసార్లు వరసగా పొట్టి జవాబు వచ్చి, తిరిగి ఒక్క ప్రశ్నా రాకుండా చూపు గుడ్డ మీదికో ఫోను మీదికో పోయిందంటే ఆగిపోవాలి. ఆ రోజుకి ఆగడమంతే. మొహం ముడుచుకోనక్కర్లేదు. వచ్చేవారం ఎప్పటిలాగే "వచ్చారా?" అంటే చాలు. నిజంగా మాట్లాడే స్వభావం లేనివాళ్లూ ఉంటారు, వాళ్లు కలం పట్టుకోవడానికే వస్తారు. వాళ్లతో పన్నెండు వారాలూ "వచ్చారా" దగ్గరే ఉండిపోయినా తప్పులేదు.

మగవాళ్లు ఆడవాళ్లని పలకరించేటప్పుడు ఇంకాస్త ఎడం కావాలి. నలుగురూ ఉన్నచోట మాట్లాడాలి. బండి దగ్గరిదాకా వెంట నడిచి మాట సాగదీయకూడదు. క్లాసు వాట్సాప్ గ్రూపులో నంబరు కనబడిందని విడిగా మెసేజ్ పెట్టడం ఎవరు ఎవరికి చేసినా బాగుండదు. ఆ నంబరు వాళ్లు క్లాసుకి ఇచ్చారు, మనకి కాదు. పంపాల్సిన పని నిజంగా ఉంటే ఎదురుగా ఉన్నప్పుడే "ఆ దుకాణం అడ్రసు మీకు పంపనాండీ?" అని ఒకమాట అడగాలి.

ఒక పోగు మిగిల్చి లేవడం

తొట్టె దగ్గర నవ్వుకున్నాక నాకు ఆశ పుట్టింది. ఇంకా మాట్లాడాలనిపించింది, టీకి పిలవాలనిపించింది. పిలవలేదు. "వచ్చేవారం నేనూ ఒక పాతగుడ్డ తెస్తా, ఎవరిది ఎక్కువ కారుతుందో చూద్దాం" అని నా చాప దగ్గరికి వచ్చేశాను. బాగున్నప్పుడే లేస్తే మళ్లీ కలిసినప్పుడు ఎత్తుకోవడానికి ఒక పోగు చేతిలో ఉంటుంది. నాలుగోవారం ఆవిడ తలుపు దగ్గరే అడిగింది: "తెచ్చారా?"

క్లాసుకున్న గొప్ప సౌకర్యం ఈ వచ్చేవారమే. బస్టాపులో కలిసిన మనిషితో అంతా ఆ పది నిమిషాల్లోనే తేలాలి. ఇక్కడ అలా కాదు. మనం ఏమీ చేయకపోయినా మళ్లీ మళ్లీ కనబడతాం, అదే కొంత పని చేసిపెడుతుంది. అమెరికాలో మోర్లాండ్, బీచ్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో ఒక తమాషా ప్రయోగం ప్రచురించారు. చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉండే నలుగురు అమ్మాయిల్ని ఒక పెద్ద కాలేజీ క్లాసుకి పంపారు. ఒకరు ఒక్కసారీ వెళ్లలేదు, ఒకరు 5 సార్లు, ఒకరు 10 సార్లు, ఒకరు 15 సార్లు వెళ్లారు. ఎవరితోనూ మాట్లాడవద్దని షరతు. చివర ఆ క్లాసు విద్యార్థులకి నలుగురి ఫొటోలూ చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చిన అమ్మాయే ఎక్కువ నచ్చింది. ఒక్క మాటా లేకుండానే.

అయితే కనబడటంతోనే స్నేహం అయిపోదు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ వేసిన లెక్క ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటల పైమాటే. మా క్లాసు వారానికి రెండు గంటల చొప్పున పన్నెండు వారాలు. అంటే 24 గంటలు, అందులో సగం ఊపిరి బిగపట్టి గీతలు గీయడమే. ఈ లెక్క చూశాక నాకు దిగులు కలగలేదు, ఊరట కలిగింది. 50 గంటల ప్రయాణంలో మొదటి రెండు నిమిషాలకి అంత బరువెందుకు ఎత్తాలి? అవి మూడో నిమిషానికి దారి మూయకుండా ఉంటే చాలు.

ఇంటికొచ్చాక

ఆ రాత్రి పడుకున్నాక ఎలాగూ మొదలవుతుంది. పంచె మాటకి అంత గట్టిగా నవ్వాలా? మొదటివారం సంగతి ఆవిడ మరిచిపోయి ఉంటుందా? చొరవ ఎక్కువైందనుకుందా? ఈ బాధ నా ఒక్కదానిదీ కాదు. ఎరికా బూత్‌బీ, గస్ కూనీ తదితరులు 2018లో ప్రచురించిన పరిశోధనలో, కొత్తగా మాట్లాడుకున్న ఇద్దరినీ విడివిడిగా అడిగారు: ఎదుటివారు మీకెంత నచ్చారు, మీరు వాళ్లకెంత నచ్చి ఉంటారు? సగటున జనం తాము నచ్చినదానికంటే తక్కువే నచ్చామని అనుకున్నారు. కాలేజీ హాస్టల్లో కలిసి ఉండే కొత్త విద్యార్థుల్లోనూ ఈ పొరపాటు నెలల తరబడి కనిపించింది. మన తడబాటు మనకి లోపలినుంచి వినిపిస్తుంది, అవతలివాళ్లకి బయటికొచ్చిన రెండు మాటలే వినిపిస్తాయి. అందుకే ఆ రాత్రి వేసే మార్కుల్ని లెక్కలోకి తీసుకోకూడదు. వచ్చే ఆదివారం ఆ మనిషి ఎలా పలకరించిందో అదే చూసుకోవాలి.

ఐదోవారం నేను ఆలస్యంగా వెళ్లాను. కిటికీ పక్క చాప మీద ఆవిడ ఉంది. దాని పక్క చాప మీద ఆవిడ సంచీ ఉంది. నన్ను చూడగానే సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

మొదటి రోజు ఆవిడన్న ఆ "లేరండీ" ఏ ప్రశ్నకి జవాబో పదోవారంలో ఆవిడే చెప్పింది, ఎర్రరంగు ఆరేదాకా కూర్చున్నప్పుడు. నేను అడగలేదు. ఇక్కడ రాయనూ రాయను.